478 ఆర్డర్లు ఏమయ్యాయి? తొలి క్లయింట్ కాల్‌లో ఇంటర్న్‌కు ఎదురైన ప్రశ్న (కేస్ స్టడీ)

క్లయింట్‌ది ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే సంస్థ. వెబ్‌సైట్ లెక్కలు గూగుల్ అనలిటిక్స్ 4లో నడుస్తాయి. నెలకోసారి మన టీమ్ అరగంట కాల్‌లో రిపోర్ట్ చూపిస్తుంది. అటువైపు నుంచి ఎప్పుడూ మార్కెటింగ్ వాళ్లే వస్తారు. జూన్ రిపోర్ట్ కాల్‌కు మాత్రం వాళ్ల ఫైనాన్స్ మేనేజర్ కూడా వచ్చారు. మన వైపు టీమ్ లీడ్, మూడు వారాల కింద చేరిన ఇంటర్న్ ఉన్నారు. ఇంటర్న్‌కిది మొదటి క్లయింట్ కాల్. స్క్రీన్ షేర్ చేయడం, నోట్స్ రాసుకోవడం వరకే ఆమె పని.

మూడో స్లైడ్ దగ్గర లీడ్ నెట్ కట్ అయింది. సరిగ్గా అప్పుడే ఫైనాన్స్ మేనేజర్ అందుకున్నారు.

"ఒక్క నిమిషం. మీ స్లైడ్‌లో జూన్ ఆర్డర్లు 4,212 అని ఉంది. మా లెడ్జర్‌లో 4,690 ఉన్నాయి. మిగతా 478 ఏమయ్యాయి?"

ఇలాంటి ప్రశ్నకు ఈ రంగంలో రెండు జవాబులు అలవాటుగా నోటికొస్తాయి. ఒకటి, "అనలిటిక్స్‌లో ఐదు పది శాతం తేడా మామూలే సర్" అనడం. రెండోది, "యాడ్ బ్లాకర్ల వల్ల అండి" అనడం. రెంటిలోనూ కొంత నిజముంది, అందుకే ప్రమాదం. తేడా 10.2 శాతం కాబట్టి మొదటి జవాబు చెల్లిపోయేదే. కానీ పుస్తకాలు పైసాతో సహా సరిపోవాలనుకునే మనిషికి "మామూలే" అని చెబితే ఆ స్లైడ్‌లోని ఏ అంకెనూ ఆయన ఇక నమ్మరు. యాడ్ బ్లాకర్ల మాట చెబితే "సరే, అందులో ఎన్ని?" అని అడుగుతారు. దానికి మన దగ్గర జవాబుండదు.

ఇంటర్న్ చెప్పింది ఇది:

"సర్, మా 4,212 ఎలా వచ్చిందో చెప్పగలను. 478 తేడా ఎందుకొచ్చిందో మాత్రం ఇప్పుడు చెప్పలేను. ఆర్డర్ అయ్యాక వచ్చే థాంక్యూ పేజీ కస్టమర్ బ్రౌజర్‌లో తెరుచుకుంటేనే ఆ ఆర్డర్ మా లెక్కలోకి వస్తుంది. మీ 4,690లో ఏమేం కలిశాయో నాకు తెలియదు. మూడు విషయాలు అడగొచ్చా?"

ఈ మొదటి మాట ఆమె అప్పటికప్పుడు అల్లుకున్నది కాదు. కాల్‌కు ముందురోజు ఆమెకు అప్పగించిన పనే అది: స్లైడ్‌లో ఉన్న ప్రతి అంకె పక్కన "ఇది ఎప్పుడు, ఎక్కడ, దేన్ని లెక్కపెడుతుంది" అని ఒక్కో వాక్యం రాసుకోవడం. ఇంటర్న్‌ను మొదటి కాల్‌కు తయారు చేయడానికి ఇంతకన్నా పనికొచ్చేది లేదు. రాబోయే ప్రశ్నలన్నీ ఊహించడం ఎవరివల్లా కాదు. తాను చూపిస్తున్న అంకె పుట్టుక తెలిస్తే చాలు, ఏ ప్రశ్న వచ్చినా మొదటి వాక్యం చేతిలో ఉంటుంది.

అడిగిన మూడు ప్రశ్నలు: రద్దయిన ఆర్డర్లు 4,690లో ఉన్నాయా? ఫోన్‌లో తీసుకున్న ఆర్డర్లు ఉన్నాయా? నెల ఏ టైమ్ జోన్ ప్రకారం మొదలై ముగుస్తుంది? జవాబులు వెంటనే వచ్చాయి. పంపకముందే రద్దయినవి తీసేస్తారు. ఫోన్ ఆర్డర్లను కస్టమర్ కేర్ వాళ్లు సిస్టమ్‌లో ఎక్కిస్తారు కాబట్టి అవి ఉన్నాయి. నెల వాళ్ల స్థానిక సమయం ప్రకారం అర్ధరాత్రికి ముగుస్తుంది.

ఇక్కడ అసలు ఉచ్చు పడింది. "అయితే తేడా అంతా ఫోన్ ఆర్డర్లేనన్నమాట" అన్నారాయన. అవునంటే కాల్ అక్కడితో హాయిగా ముగిసిపోయేది. ఆమె అనలేదు.

"కొంత అదే కావచ్చు సర్. ఎంత అన్నది ఆర్డర్ నంబర్లు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. జూన్ ఆర్డర్ల ఫైల్ పంపగలరా? ఆర్డర్ నంబర్, తేదీ సమయం, పేమెంట్ పద్ధతి, స్టేటస్, ఆర్డర్ వెబ్‌లోదా ఫోన్‌లోదా, ఈ ఐదు కాలమ్‌లు చాలు. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు వద్దు. ఫైల్ రేపు వస్తే గురువారం సాయంత్రానికి, ఏ ఆర్డర్ ఎందుకు తేడాలో పడిందో లిస్ట్ ఇస్తాం."

చూడటానికి చిన్న విషయమే గానీ, ఆమె మాట ఇచ్చింది లిస్ట్‌కు, వివరణకు కాదు. వివరణ వింటే ఫైనాన్స్ వాళ్లు తల ఊపి ఊరుకుంటారు. లిస్ట్ ఇస్తే అందులోంచి నాలుగు నంబర్లు తీసి తమ సిస్టమ్‌లో తామే చూసుకుంటారు, దానితో అనుమానం తీరుతుంది. ఐదో స్లైడ్‌లో మొబైల్ ప్రకటనల బడ్జెట్ తగ్గిద్దామన్న సూచన ఉంది. లీడ్ తిరిగి వచ్చాక, ఈ తేడా తేలేదాకా దాన్ని పక్కన పెడదామని చెప్పారు. ఆ నిర్ణయం ఎందుకు కీలకమైందో ముందుకెళ్తే తెలుస్తుంది.

కాల్ తర్వాత పని

మొదటి మెట్టు, రెండు లిస్టులను ఆర్డర్ నంబర్ మీద కలపడం. లెడ్జర్ ఫైల్ `ledger` టేబుల్‌గా ఎక్కింది. అనలిటిక్స్ వైపు నుంచి, గూగుల్ డేటాబేస్ సేవ బిగ్‌క్వెరీకి రోజూ వెళ్లే ఎక్స్‌పోర్ట్‌లో కొనుగోళ్లను నమోదు చేసే `purchase` ఈవెంట్ల నుంచి `ecommerce.transaction_id` విలువలను, అంటే ఆర్డర్ నంబర్లను, ఒక్కోసారే వచ్చేలా `order_id` పేరుతో తీసి `report` టేబుల్ చేశారు. ఆపైన క్వెరీ ఇంతే:

```sql
SELECT
  CASE
    WHEN r.order_id IS NULL THEN 'ledger_only'
    WHEN l.order_id IS NULL THEN 'report_only'
    ELSE 'both'
  END AS bin,
  COUNT(*) AS n
FROM ledger l
FULL OUTER JOIN report r
  ON l.order_id = r.order_id
GROUP BY bin
```

మొదటిసారి నడిపితే `both` దాదాపు సున్నా వచ్చింది. ఇలా కనిపిస్తే డేటా పోయిందని కంగారు పడక్కర్లేదు, నంబర్ల రూపం తేడాగా ఉందని అర్థం. క్లయింట్ దగ్గర ఎవరో ఫైల్‌ను స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేశారు. దాంతో `00418823` కాస్తా `418823` అయిపోయింది. స్ప్రెడ్‌షీట్ ఆ కాలమ్‌ను సంఖ్య అనుకుని ముందున్న సున్నాలు మింగేసింది. సిస్టమ్ నుంచి నేరుగా తీసిన ఫైల్ మళ్లీ తెప్పించి, ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎక్కించాక లెక్క కుదిరింది.

రెండింటిలోనూ ఉన్నవి 4,061. లెడ్జర్‌లో మాత్రమే ఉన్నవి 629. రిపోర్ట్‌లో మాత్రమే ఉన్నవి 151.

ఈ కేసులో తెలుసుకోవాల్సిందంతా ఈ మూడు అంకెల్లోనే ఉంది. 629 లోంచి 151 తీస్తే 478. అంటే కాల్‌లో అందరూ మాట్లాడుకున్న 478 అనే ఆర్డర్ల గుంపు ఎక్కడా లేదు. రెండు వైపులా ఉన్న వేర్వేరు తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగిలిన అంకె అది. ఆ 478కి కారణం వెతకడం మొదలుపెడితే ఎప్పటికీ దొరకదు. వెతకాల్సింది 629కి, 151కి, విడివిడిగా. మొత్తాలు పోల్చి చూసే అలవాటున్న టీమ్‌లకు ఇంకో గండం కూడా ఉంది: ఏదో ఒక నెలలో రెండు వైపులా 300 చొప్పున తేడా ఉంటే మొత్తాలు సరిపోతాయి, లెక్కలు బాగున్నాయని అందరూ నిద్రపోతారు.

రిపోర్ట్ వైపు 151 ముందు చూశారు, చిన్నది కాబట్టి. వాటిలో 81 ఆర్డర్లు కస్టమర్ కొన్నాక రద్దు చేసుకున్నవి. లెడ్జర్ వాటిని తీసేసింది, అనలిటిక్స్‌లో మాత్రం `purchase` ఈవెంట్ ఒకసారి నమోదైతే అలాగే ఉండిపోతుంది. విడిగా `refund` ఈవెంట్ పంపినా ఆదాయం తగ్గుతుందే గానీ ఆ `purchase` చెరిగిపోదు. ఇంకో 12 డెవలపర్లు పెట్టిన టెస్ట్ ఆర్డర్లు. టెస్ట్ సైట్ కూడా అదే ప్రాపర్టీకి, అంటే అసలు సైట్ లెక్కలు పోగయ్యే అనలిటిక్స్ ఖాతాకే, ఈవెంట్లు పంపుతోంది.

మిగిలిన 58 వింతగా ఉన్నాయి. లెడ్జర్‌లో లేవు, రద్దూ కాలేదు. ఎక్స్‌పోర్ట్ టేబుల్‌లో సమయం చూస్తే అన్నీ ఒకేచోట గుమిగూడి కనిపించాయి: వాళ్ల స్థానిక సమయం ప్రకారం మే 31 సాయంత్రం ఆరుకూ అర్ధరాత్రికీ మధ్య. ఆరు గంటల ముక్క అలా తెగినట్టు కనబడితే అది టైమ్ జోనే. ప్రాపర్టీ టైమ్ జోన్ క్లయింట్ సమయం కంటే ఆరు గంటలు ముందుకు పెట్టి ఉంది. కాబట్టి మే 31 సాయంత్రం ఆరుకే రిపోర్ట్‌లో జూన్ మొదలైంది, జూన్ 30 సాయంత్రం ఆరుకే ముగిసింది.

ఇక్కడ ఒక సాంకేతిక వివరం తెలిసుండాలి. ఎక్స్‌పోర్ట్‌లో `event_date` ప్రాపర్టీ టైమ్ జోన్‌లో ఉంటుంది, `event_timestamp` మాత్రం యూటీసీలో, మైక్రోసెకన్లలో ఉంటుంది. టైమ్ జోన్ అనుమానం తీరాలంటే రెండోదే చూడాలి. అలాగే ఎక్స్‌పోర్ట్ తీసేటప్పుడు నెలకు అటూ ఇటూ రెండేసి రోజులు కలిపి తీయాలి:

```sql
WHERE event_name = 'purchase'
  AND _TABLE_SUFFIX
    BETWEEN '20240530' AND '20240702'
```

ఈ విశాలమైన లిస్ట్‌లో 629ని మళ్లీ వెతికితే 47 దొరికాయి. అన్నీ జూన్ 30 సాయంత్రం ఆరు తర్వాత వచ్చినవి. రిపోర్ట్ వాటిని జులైలో వేసింది. అంటే ఒకే తప్పు రెండు వైపులా తేడా పుట్టించింది: ఒకవైపు 58, ఇంకోవైపు 47. నికర ప్రభావం 11 ఆర్డర్లే కాబట్టి మొత్తాలు మాత్రమే చూసేవాళ్ల కంట అది ఎన్నటికీ పడదు.

629లో ఫోన్ ఆర్డర్లు 134. కాల్‌లో "తేడా అంతా ఫోన్ ఆర్డర్లే" అన్న మాటకు తల ఊపి ఉంటే ఎంత దూరం పోయేదో ఇక్కడ కనిపిస్తుంది.

ఇక మిగిలినవి 448. వెబ్‌లో వచ్చి, డబ్బు కట్టి, సరుకు కూడా అందిన ఆర్డర్లు. అనలిటిక్స్‌కు మాత్రం వాటి జాడ లేదు. యాడ్ బ్లాకర్ల ఖాతాలో వేసి ముగించాలని ఎవరికైనా అనిపించేది ఇక్కడే. దానికి ముందు, ఫైల్‌లో తెప్పించుకున్న పేమెంట్ పద్ధతి కాలమ్‌తో ఒక పరీక్ష చేయొచ్చు. యాడ్ బ్లాకర్ గానీ, కుకీలకు కస్టమర్ ఒప్పుకోకపోవడం గానీ, ఎలా డబ్బు కడుతున్నాడన్నదానితో పెద్దగా సంబంధం లేనివి. కారణం అవే అయితే అన్ని పేమెంట్ పద్ధతుల్లోనూ ఇంచుమించు ఒకే శాతం తప్పిపోవాలి.

అలా జరగలేదు. టైమ్ జోన్‌వి, ఫోన్‌వి తీసేశాక మిగిలిన 4,509 ఆర్డర్లలో, పేజీలోనే కార్డ్ నంబర్ కొట్టి కట్టినవి 2,610. వాటిలో తప్పిపోయినవి 76, అంటే 2.9 శాతం. పేమెంట్ యాప్‌లోకి తీసుకెళ్లి కట్టించేవి 1,899. వాటిలో తప్పిపోయినవి 372, అంటే 19.6 శాతం. యాప్ ద్వారా కట్టిన ప్రతి ఐదు ఆర్డర్లలో దాదాపు ఒకటి రిపోర్ట్‌కు కనిపించడం లేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. కస్టమర్ చెక్అవుట్ పేజీ నుంచి యాప్‌లోకి వెళ్తాడు, డబ్బు కడతాడు, "పేమెంట్ సక్సెస్" అని అక్కడే కనిపిస్తుంది. చాలామంది యాప్‌ను అక్కడే మూసేస్తారు. బ్రౌజర్‌లోకి తిరిగి రారు, థాంక్యూ పేజీ తెరుచుకోదు, `purchase` ఈవెంట్ వెళ్లదు. పేమెంట్ సంస్థ సర్వర్ నుంచి క్లయింట్ సర్వర్‌కు కబురు నేరుగా వెళ్తుంది కాబట్టి లెడ్జర్‌లో ఆర్డర్ పడుతుంది.

ఊహతో ఆగకుండా ఇంటర్న్ దాన్ని పరీక్షించింది. క్లయింట్ ఒప్పుకోలుతో ఫోన్ నుంచి ఒక ఆర్డర్ పెట్టి, యాప్‌లో డబ్బు కట్టి, బ్రౌజర్‌లోకి వెళ్లకుండా దాన్ని మూసేసింది. ఆర్డర్ లెడ్జర్‌లో పడింది, ఈవెంట్ రాలేదు. అదే రెండోసారి, ఈసారి బ్రౌజర్‌లోకి తిరిగి వెళ్లింది. ఈవెంట్ వచ్చింది. డబ్బు వాపసు తీసుకుని ఆ రెండు ఆర్డర్లనూ రద్దు చేయించారు.

ఆ 372లో ఎన్ని అచ్చంగా ఈ కారణం వల్ల పోయాయో ఆర్డర్ వారీగా చెప్పలేం. అంచనా మాత్రం వేయొచ్చు. కార్డ్ ఆర్డర్లలో కనబడిన 2.9 శాతాన్ని బ్లాకర్లు, కుకీ తిరస్కారాల వంటి మామూలు నష్టమనుకుని అదే శాతం యాప్ ఆర్డర్లకూ వేస్తే 55 వస్తుంది. మిగతా 317 బ్రౌజర్‌లోకి తిరిగి రాకపోవడం వల్ల పోయినవి. 76కి 55 కలిపితే మామూలు నష్టం 131. క్లయింట్‌కు పంపిన షీట్‌లో 317, 131 పక్కన "అంచనా" అని, మిగతా అన్నింటి పక్కన "ఆర్డర్ నంబర్లతో సహా" అని రాశారు. ఈ రెండింటినీ కలిపేసి ఒకే గట్టిదనంతో చూపించడం రిపోర్ట్ రాసేవాళ్లు తరచూ చేసే పని. తర్వాత ఫైనాన్స్ వాళ్లు ఆ 317 నంబర్లు అడిగినప్పుడు బుక్కవుతారు.

ఇక పక్కన పెట్టిన బడ్జెట్ సూచన. యాప్ ద్వారా కట్టేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే కొంటారు. కాబట్టి తప్పిపోయిన ఆర్డర్లు అన్ని ప్రకటనలకూ సమానంగా తగ్గలేదు, మొబైల్ ప్రకటనల ఖాతాలోనే ఎక్కువగా తగ్గాయి. మొబైల్ ప్రకటనలు డబ్బు దండగ అని ఐదో స్లైడ్ చెప్పిన మాటకు ఆధారమే అలా తగ్గి కనిపించిన అంకె. తప్పిపోయిన ఆర్డర్లు ఏ ప్రకటన నుంచి వచ్చాయో ఇప్పుడు వెనక్కి వెళ్లి తెలుసుకోలేం, ఎందుకంటే ఆ ఈవెంట్లే లేవు. అందుకే సూచనను సరిదిద్దకుండా పూర్తిగా వెనక్కి తీసుకున్నారు. సరిచేసిన డేటా రెండు నెలలు పోగయ్యాక మళ్లీ చూడాలన్నది ఒప్పందం.

గురువారం కాల్‌లో షీట్‌ను ఇంటర్నే చూపించింది. ఫైనాన్స్ మేనేజర్ రద్దయిన 81లోంచి కొన్ని నంబర్లు తన సిస్టమ్‌లో కొట్టి చూసుకుని, మిగతాది అడగలేదు.

సరిచేసినవి

టెస్ట్ సైట్‌ను వేరే ప్రాపర్టీకి మార్చడం అరపూట పని. టైమ్ జోన్ మార్పుకు మాత్రం తొందరపడలేదు. మార్చిన క్షణం నుంచి వచ్చే డేటాకే అది వర్తిస్తుంది, పాతది అలాగే ఉంటుంది. మారిన రోజు గ్రాఫ్‌లో గుంత గానీ గుట్ట గానీ కనబడుతుంది. నెల మధ్యలో చేస్తే ఆ నెలంతా వివరణ చెప్పుకోవాల్సి వస్తుంది కాబట్టి ఒకటో తేదీన చేశారు, రిపోర్ట్‌లో ఆ తేదీన గుర్తు పెట్టారు.

అసలు పని యాప్ పేమెంట్లది. `purchase` ఈవెంట్‌ను థాంక్యూ పేజీ నుంచి తీసేసి, పేమెంట్ ఖరారైందని కబురు అందగానే క్లయింట్ సర్వరే, సర్వర్ నుంచి అనలిటిక్స్‌కు నేరుగా ఈవెంట్లు పంపే మెజర్‌మెంట్ ప్రోటోకాల్ ద్వారా పంపేలా మార్చారు. దీనికి కస్టమర్ చెక్అవుట్ పేజీలో ఉండగానే అతని బ్రౌజర్‌ను గుర్తించే `client_id`, ఆ సందర్శనను గుర్తించే `session_id` తీసి ఆర్డర్‌తో పాటు దాచుకోవాలి. `client_id` లేకపోతే ఈవెంట్ అసలు లెక్కలోకే రాదు. `session_id` లేకుండా పంపితే ఆర్డర్ లెక్కలోకి వస్తుంది గానీ అది ఏ ప్రకటన పుణ్యమో సరిగా తెలియదు, మార్కెటింగ్‌కు కావాల్సింది అదే. పేజీ నుంచీ సర్వర్ నుంచీ రెండు చోట్ల నుంచీ పంపి, ఒకే `transaction_id` కదా, కలిసిపోతాయిలే అనుకోవడం కన్నా ఒకేచోట నుంచి పంపడం నయం. ఇంకో మాట: ఆర్డర్ నంబర్ ఇంకా తయారు కాని సందర్భంలో `transaction_id`ని ఖాళీ స్ట్రింగ్‌గా పంపకూడదు. అలా వచ్చిన కొనుగోళ్లన్నీ ఒకటే అనుకుని అనలిటిక్స్ కలిపేస్తుంది, కొత్త తేడా మొదలవుతుంది.

మార్పు తర్వాతి మొదటి పూర్తి నెలలో అదే క్వెరీ మళ్లీ నడిపారు. యాప్ ఆర్డర్లలో తప్పిపోయేవి 19.6 శాతం నుంచి 4.1 శాతానికి వచ్చాయి. కార్డ్ ఆర్డర్ల స్థాయికి ఇంకా దిగలేదు. మిగిలినవాటిని తీసి చూస్తే చాలావరకు `client_id` కాలమ్ ఖాళీగా ఉన్నవే. కస్టమర్ కుకీలకు ఒప్పుకోకపోతే దాచుకోవడానికి ఆ విలువే ఉండదు, అలాంటి ఆర్డర్లను సర్వర్ పంపకూడదన్నది క్లయింట్ పెట్టుకున్న నియమం. కాబట్టి ఆ భాగం అలాగే ఉంటుంది. నెలవారీ రిపోర్ట్ మొదటి స్లైడ్‌లో ఇప్పుడు లెడ్జర్ అంకె, అనలిటిక్స్ అంకె, రెండింట్లోనూ దొరికిన ఆర్డర్ల సంఖ్య, ఈ మూడూ పక్కపక్కనే ఉంటాయి. ఆ స్లైడ్ తయారీ ఇంటర్న్‌దే.